మే నెల నీటిమట్టం చూపించండి, అక్టోబరుది కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

అసెంబ్లీలో భూగర్భ జలాల మీద మాట్లాడాలట, నాలుగు పేజీల్లో ఆధారాలతో, ఏం చేయొచ్చో కూడా కలిపి రాసివ్వమని మా ఎమ్మెల్యే గారి ఆఫీసులో పనిచేసే కుర్రాడు అడిగితే రాసిచ్చాను. మాది అనంతపురం జిల్లా. నాకున్న చీనీ తోట ఎండిపోయింది, నాలుగు బోర్లు వేయిస్తే మూడింట్లో దుమ్మే లేచింది, కాబట్టి నాకు ఇది కాగితం మీది విషయం కాదు. ఆ నోట్‌లో ముఖ్యమైన సంగతి మీ పాఠకులకు కూడా తెలియాలని ఈ ఉత్తరం.

మొదట ఆధారం గురించి. ప్రతి ఏడూ వానాకాలం అయిపోగానే "నీటిమట్టం ఇన్ని మీటర్లు పెరిగింది" అని వార్త వస్తుంది. అది అబద్ధం కాదు, కానీ పోల్చింది మే నెలతో అక్టోబరును. వాన పడితే మట్టం లేస్తుంది, అందులో వింతేముంది? ఈ ఏడు మేని పోయిన ఏడు మేతో, అంతకు ముందు మేతో పోల్చి చూడాలి, అప్పుడే మనం తోడింది ఇంకినదానికంటే ఎక్కువో తక్కువో తేలుతుంది. వానల్లో మూడున్నర మీటర్లు లేచి, మళ్లీ మే వచ్చేసరికి ఐదు మీటర్లు దిగిందనుకోండి, ఆ ఊరు ఆ ఏడాది మీటరున్నర పోగొట్టుకున్నట్టే. అక్టోబరు వార్తలో మాత్రం అది శుభవార్తగానే కనిపిస్తుంది.

కొలిచే పద్ధతిలో కూడా మోసం జరగొచ్చు, కావాలని కాకపోయినా. మోటారు ఆడుతున్న బోర్లో కొలిస్తే మట్టం ఎక్కడో లోతుకు పోయి ఉంటుంది, ఆపిన పది నిమిషాలకు కొలిచినా నీళ్లు ఇంకా పైకి లేస్తూనే ఉంటాయి. రాత్రంతా మోటారు ఆగి, పొద్దున కరెంటు రాకముందు కొలిస్తేనే అసలు మట్టం తెలుస్తుంది. కేసింగ్ మూతకున్న రంధ్రంలోంచి టేపు వదిలితే నీళ్లు తగలగానే బజర్ మోగుతుంది, అప్పుడు టేపు మీద అంకె చూసి రాసుకోవడమే. పదో తరగతి పిల్లలు కూడా చేయగల పని.

ఇక అసలు లెక్క. సులువు కోసం ఒక ఊరికి 1,000 హెక్టార్లు, అంటే సుమారు 2,500 ఎకరాలు అనుకుందాం. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అంటే ఆ ఊరి మీద పడే నీళ్లు 55 లక్షల ఘనపు మీటర్లు. చాలానే అనిపిస్తుంది, కానీ మనది గ్రానైటు నేల, పడ్డదాంట్లో పది శాతం కిందికి దిగితే గొప్ప. అంటే ఐదున్నర లక్షలు. రెండు వేల జనాభాకు మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున తాగడానికి, వాడకానికి తీస్తే ఏడాదికి నలభై వేలు పోయి, 5.1 లక్షలు మిగిలాయి. ఎకరా వరికి సుమారు 5,000, ఎకరా వేరుశనగకు సుమారు 2,000 ఘనపు మీటర్లు కావాలి. కాబట్టి ఆ ఊళ్లో బోర్ల కింద వరి పెడితే నూరెకరాలు, వేరుశనగ అయితే 255 ఎకరాలు పండుతుంది, అంతే. వరి మళ్లలోంచి కొంత నీరు మళ్లీ కిందికి ఇంకుతుంది నిజమే, కానీ కొంత వాగుల్లోకీ పోతుంది, అందుకని ఈ అంకె పెద్దగా మారదు. కరువు ఏడాదైతే ఇంకా తగ్గుతుంది.

ఈ లెక్క ముందు పెట్టుకుంటే కొత్త బోరు అంటే ఏమిటో అర్థమవుతుంది. రాతి పొరల్లోని పగుళ్లలో ఉన్నది ఊరందరి నీళ్లు. పక్క పొలంలో ఆరు వందల అడుగులు వేసి రెండించుల నీళ్లు పడ్డాయని సంబరపడితే, మూడు వందల అడుగుల దగ్గరున్న మన బోరు ఒకటిన్నర ఇంచు నుంచి ముప్పావు ఇంచుకు పడిపోతుంది. కొత్త నీళ్లు పుట్టలేదు, చేతులు మారాయి. తమిళనాడు నంబరు ప్లేటు రిగ్గు బండ్లు వచ్చిన రాత్రి ఊళ్లో ఎవరికీ నిద్ర పట్టదు, ఎవరి బోరు ఆగిపోతుందోనని టెన్షన్. బోరుకు అనుమతి తీసుకోవాలని 2002 నాటి వాల్టా చట్టం చెబుతూనే ఉంది, కానీ నా కళ్లముందు వేసిన బోర్లలో ఎవరైనా కాగితం చూపించగా చూడలేదు. ఒక్కొక్కరి మీద కేసులు పెట్టడం కుదిరే పని కాదని నాకూ తెలుసు.

నోట్‌లో మూడు దారులు రాశాను. మొదటిది చెక్‌డ్యాములు, చెరువులకు కాలువ నీళ్లు నింపడం. మంచిదే, హంద్రీ నీవా నీళ్లు చేరిన చెరువుల కింద బోర్లు లేచాయి. అయితే చెరువు కింద లేని ఊళ్లకు దాంతో ఒరిగేది తక్కువ, పైగా ఎగువన చెక్‌డ్యాములు పెరిగితే దిగువ చెరువుకు వచ్చే నీళ్లు తగ్గుతాయి. రెండోది డ్రిప్. దీంట్లో ఒక లోపం ఎవరూ చెప్పరు. డ్రిప్‌తో ఎకరాకు నీళ్లు తగ్గుతాయి, మిగిలిన నీళ్లతో రైతు ఇంకో రెండెకరాలు పెడతాడు, మొత్తం తోడకం అంతే ఉంటుంది. నేనూ అదే చేశాను, ఆదా చేశాననుకున్నాను.

మూడోది, నేను గట్టిగా అడిగేది, ఊరి నీటి బడ్జెట్. ఇది కొత్త ఆలోచన కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరువు జిల్లాల్లో 2003 తర్వాత కొన్నేళ్లు రైతులే నడిపిన భూగర్భ జల ప్రాజెక్టు, ఏపీఫామ్స్ అనేవాళ్లం, అందులో రైతులే పదిహేను రోజులకోసారి బోర్లు కొలిచి, అంకెలు ఊళ్లో గోడ మీద రాసి, రబీకి ముందు కూర్చుని పైన నేను వేసినట్టే లెక్క వేసుకునేవాళ్లు. ఎవరి మీదా బలవంతం లేదు. లోటు ఎంతో కళ్లకు కనబడ్డాక చాలామంది వరి మానేసి వేరుశనగకో మరో ఆరుతడి పంటకో మారారు. ప్రాజెక్టు అయిపోయాక చాలాచోట్ల కొలవడం ఆగిపోయింది, ఎందుకంటే కొలిచేవాడికి బత్తెం లేదు, ఆ లెక్కకు పంచాయతీలో చోటూ లేదు. 2019లో కేంద్రం ఇదే తరహాలో అటల్ భూజల్ యోజన మొదలుపెట్టింది, ఏడు రాష్ట్రాలను తీసుకుంది, వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

దీనికి తోడు బోర్ల నీళ్లు కలిసి పంచుకోవడం. మన జిల్లాలోనే కొన్ని ఊళ్లలో బోరున్న రైతులు, లేని రైతులు కలిసి పైపులైను వేసుకుని, కొత్త బోరు వేయబోమని రాసుకుని, వానాకాలం వేరుశనగ ఊడలు దిగే సమయంలో వాన ముఖం చాటేస్తే ఒకటి రెండు తడులు అందరికీ ఇచ్చుకుంటున్నారు. పైపులకు సర్కారు డబ్బిస్తే, దానికి షరతుగా ఆ ఒప్పందం పెట్టొచ్చు. వంద మీటర్ల లోతు నుంచి ఎకరా వరికి నీళ్లు తోడితే మూడు వేల యూనిట్లకు పైనే కరెంటు ఖర్చవుతుంది. ఉచిత కరెంటు తీసేయమని నేను అనను, రైతు బతకలేడు. ఆ కరెంటుకు పెట్టే డబ్బులో కొంచెం పైపులకు పెడితే చాలు.

మా నియోజకవర్గం వరకు అడిగింది ఇంతే: ప్రతి పంచాయతీలో ఇద్దరికి టేపు, నెలకు కొంత బత్తెం, అక్టోబరు గ్రామసభలో నీటి లెక్క చదవడం తప్పనిసరి, మే నెల అంకెలు మూడేళ్లవి పక్కపక్కన సచివాలయం గోడ మీద రాయడం. నోట్ చదివామని ఆఫీసు వాళ్లు చెప్పారు. టేపులకు ఇంకా జవాబు రాలేదు, మా ఊళ్లో పాత టేపుతో నేనే కొలుస్తున్నాను.

ఇట్లు,
ఒక చీనీ రైతు
అనంతపురం జిల్లా