మామ బిల్లు గురించి తమ్ముడికి

తమ్మీ,

అందరూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేను, అమ్మ, మీ బావ క్షేమం. డెలివరీకి ఇంకో రెండు వారాలు పట్టొచ్చని డాక్టర్ అన్నది. అమ్మకు ఇక్కడ బాగానే పొద్దుపోతుంది. మన చారుకు సరిపడే చింతపండు దొరకట్లేదని మాత్రం రోజూ ఒక మాట అంటది. నాయినకు చెప్పు, ఆమె గురించి రంది పెట్టుకోవద్దని.

మిర్యాలగూడ మామ ఫోన్ బిల్లు ఫోటో పంపినవు కదా, చూసిన. మామ మీద కోపం చేయకు. అర్ధరాత్రి రెండింటికి ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది, చూస్తే +1 తో మొదలయ్యే నంబరు. చెల్లెలు అమెరికాలో ఉంది, మేనకోడలికి నెలలు నిండినయి. ఆయన స్థానంలో ఎవరున్నా తిరిగి చేస్తారు. ఆ కాల్ వేసినోళ్లు కూడా సరిగ్గా అట్లాంటి మనుషుల కోసమే వేస్తారు. పిల్లలు విదేశంలో ఉన్న ఇల్లు ఏదో వాళ్లకు తెలియాల్సిన పని లేదు. కంప్యూటర్‌తో వేల నంబర్లకు మోగించి ఎత్తేలోపే కట్ చేస్తే, అందులో మామ లాంటివాళ్లు కొందరు ఉండనే ఉంటారు. ఎవరూ ఎత్తలేదు కాబట్టి వాళ్లకు ఆ కాల్స్‌కు దాదాపు ఖర్చే ఉండదు. టెలికాం వాళ్లు దీన్ని వాంగిరి అంటారు, మొదట జపాన్‌లో బయటపడ్డ మోసం.

ఇప్పుడు ఆ బిల్లు నీ ముందు పెట్టుకొని చదువు. మామ చేసిన నంబరు +1 649 తో మొదలవుతుంది. నా నంబరు +1 469. కళ్లద్దాలు లేకుండా రాత్రిపూట చూస్తే తేడా ఎక్కడ తెలుస్తుంది? అవే మూడు అంకెలు, వరుస మారిందంతే. కానీ 469 అంటే డాలస్ చుట్టుపక్కల, 649 అంటే టర్క్స్ అండ్ కైకోస్ అనే దీవులు. కరీబియన్ సముద్రం దిక్కు ఉంటయి, అమెరికాలో భాగమే కాదు.

మనోళ్లలో చాలామందికి తెలియని సంగతి ఇదే. +1 ఒక్క అమెరికాది కాదు. అమెరికా, కెనడాతో పాటు ఎన్నో కరీబియన్ దేశాలు, దీవులు అదే కోడ్‌ను పంచుకుంటయి. మన +91 అంటే ఇండియా, సౌదీ +966 అంటే సౌదీ. +1 అట్లా కాదు. దాని తర్వాతి మూడు అంకెలు చూస్తేనే ఏ దేశమో తెలుస్తుంది. 876 జమైకా, 473 గ్రెనడా, 268 ఆంటిగ్వా, 809 డొమినికన్ రిపబ్లిక్. ఇక్కడ ఉన్న మాకు కూడా ఇవి చూడగానే పక్క ఊరి నంబర్ల లాగే కనిపిస్తయి, అందుకే ఇక్కడివాళ్లు కూడా మోసపోతుంటారు. అమెరికాలో టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ దీని గురించి జనాన్ని హెచ్చరిస్తూనే ఉంటది.

ఇవన్నీ బట్టీ పట్టమని నాయినకు చెప్పకు. నీ ఫోన్‌లో అయితే కాల్ లిస్టులో నంబరు కింద చిన్న అక్షరాల్లో చోటు పేరు చూపిస్తుంది చాలాసార్లు. నాది అయితే టెక్సాస్ అనో, డాలస్ దగ్గరి ఊరి పేరో వస్తుంది. వేరే దేశం పేరు కనిపిస్తే ఇంకేం ఆలోచించే పని లేదు.

బిల్లులో మూడు కాల్స్ ఉన్నయి. మొదటిది 2 నిమిషాల 20 సెకన్లు. రెండోది 40 సెకన్లు. మూడోది 6 నిమిషాల 5 సెకన్లు. మాట్లాడింది మొత్తం తొమ్మిది నిమిషాల చిల్లర. కానీ మామ కనెక్షన్‌కు ఐఎస్‌డీ కాల్స్‌లో నిమిషం పల్స్, అంటే నిమిషం దాటి ఒక్క సెకను పోయినా ఇంకో నిమిషం కింద లెక్క. అందుకే మొదటిది 3, రెండోది 1, మూడోది 7, మొత్తం 11 నిమిషాలకు వేసినారు. ఆ దీవులకు నిమిషానికి 100 రూపాయల చొప్పున 1100, దాని మీద 18 శాతం జీఎస్టీ 198, మొత్తం 1298 రూపాయలు. లెక్క సరిగ్గానే ఉంది, కంపెనీ ఎక్కువేమీ వేయలేదు. అమెరికాకు చేసినా అంతే పడుతుందని మామ అనుకోవద్దు. ఇక్కడికి ఐఎస్‌డీ రేటు చాలా తక్కువ. ఆ దీవులకే అన్ని రెట్లు ఎక్కువ.

మామ ఒక మాట గట్టిగా అంటున్నాడని రాసినవు, మొదటిసారి అసలు ఎవరూ ఎత్తనే లేదని, రింగు మోగుతూనే ఉందని. ఆయన అబద్ధం చెప్పట్లేదు. అవతలి మెషిన్ కాల్‌ను వెంటనే ఎత్తేస్తుంది, ఎత్తి రింగు మోగుతున్న చప్పుడునే రికార్డు వేసి వినిపిస్తుంది. మనం ఇంకా ఎత్తలేదు, ఇంకా ఎత్తలేదు అని పట్టుకొని కూర్చుంటం. మీటరు మాత్రం తిరుగుతనే ఉంటది. దీన్ని పట్టుకునే దారి ఒకటి ఉంది. రింగు వినబడుతుండగానే ఫోన్ స్క్రీన్ మీద టైమ్ 00:01, 00:02 అని నడవడం మొదలైతే, అవతల కాల్ ఎత్తినట్టే. నిజంగా ఎత్తనంత వరకు ఆ అంకెలు నడవవు. చెవి దగ్గర పెట్టుకున్న ఫోన్‌ను ఒకసారి దింపి చూస్తే తెలిసిపోతుంది. మామ ఆ మూడో కాల్‌లో ఇంగ్లిష్‌లో ఎవరో ఆడమనిషి ఆగమని చెప్పి పాట వేసిందన్నాడు కదా, అది ఇంకో రకం. హాస్పిటల్ వాళ్లేమో అనుకొని ఆయన ఆరు నిమిషాలు ఆగినాడు పాపం. కొన్నింట్లో పసిపిల్ల ఏడుపు కూడా వేస్తారట. పనేం లేదు, మనల్ని లైన్ మీద నిలబెట్టడమే వాళ్ల పని.

డబ్బు వాళ్లకెట్లా పోతుందని అడిగినవు. మన దేశం నుంచి ఇంకో దేశానికి కాల్ పోతే, మన కంపెనీ ఆ దేశంలో కాల్ అందించిన కంపెనీకి నిమిషానికింత అని కట్టాలి. కొన్ని చిన్న దేశాల్లో ఆ రేటు చాలా ఎక్కువ. అట్లాంటి చోట్ల నంబర్ల బ్లాకులను మధ్య దళారులు తీసుకొని, ఎవరు ఆ నంబర్లకు కాల్స్ రప్పిస్తే వాళ్లకు నిమిషానికి కొంత వాటా ఇస్తారు. మన మిల్లు దగ్గర వడ్లు తెచ్చినోడికి కమీషన్ ఉన్నట్టే, ఇక్కడ నిమిషాలు తెచ్చినోడికి కమీషన్. ఒక్కోసారి కాల్ ఆ దీవి దాకా పోనే పోదు, మధ్యలోనే ఎవడో తన మెషిన్‌కు మళ్లించుకుంటాడు. బిల్లులో మాత్రం దీవి పేరే పడుతుంది. మామకు డబ్బు వాపసు రావడం కష్టమని అందుకే అంటున్నా. కాల్ ఆయన ఫోన్ నుంచే పోయింది, మన కంపెనీ కూడా ఆ డబ్బు ముందుకు కట్టాల్సి ఉంటుంది. అయినా 198 కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టమను, డాకెట్ నంబర్ రాసుకోమను, కొంత తగ్గించినా తగ్గించొచ్చు. ఒప్పుకోకపోతే ఆ కంపెనీలోనే పై అధికారికి అప్పీల్ చేసుకునే వీలుంది. డబ్బు పోయింది కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి కూడా చెప్పమను. డబ్బు పోకముందు అనుమానం వచ్చిన కాల్స్‌కు అయితే sancharsaathi.gov.in లో చక్షు అని ఉంటుంది, అక్కడ నువ్వు ఎక్కించొచ్చు.

మన కుటుంబం గ్రూపులో బాబాయి పెట్టిన మెసేజ్ కూడా చూసిన. +375, +371 నంబర్లకు తిరిగి చేస్తే మూడు సెకన్లలో కాంటాక్టులు, బ్యాంకు వివరాలు అన్నీ దోచుకుంటారని. అది సగమే నిజం. అవి బెలారస్, లాత్వియా కోడ్‌లు, వాటి నుంచి ఈ మోసం జరిగిన మాట వాస్తవం. కానీ తిరిగి చేస్తే పోయేది కాల్ చార్జీ మాత్రమే. మామూలు కాల్ చేసినందుకు బ్యాంకులో డబ్బు పోదు, ఫోన్‌లోని నంబర్లు పోవు. మిస్డ్ కాల్ వచ్చినందుకు కూడా పైసా పడదు. నాయిన ఆ మెసేజ్ చదివించుకొని ఫోన్ స్విచ్చాఫ్ చేసి పడుకుంటున్నాడని విన్న, అట్లా వద్దని చెప్పు. వాట్సాప్‌లో వచ్చే విదేశీ మిస్డ్ కాల్స్ వేరే కథ. వాట్సాప్‌లోనే తిరిగి చేస్తే చార్జీ పడదు కానీ అక్కడ ఉద్యోగాల పేరుతో, లైకులు కొడితే డబ్బులని గాలం వేస్తారు. వాటికి కూడా జవాబు ఇవ్వకండి.

నాయినది బటన్ ఫోన్ కదా, దాంట్లో ఇంకో తంటా. పచ్చ బటన్ ఒకసారి నొక్కితే మిస్డ్ కాల్ నంబరు వస్తుంది, ఇంకోసారి నొక్కితే కాల్ పోతుంది. ఎవరు చేసినారో చూద్దామని నొక్కేవాళ్ల చేతిలో కాల్ దానంతట అదే పోయినట్టు ఉంటది. ఆయనది ప్రీపెయిడ్, అన్‌లిమిటెడ్ ప్యాక్ ఐఎస్‌డీకి పనికిరాదు, మెయిన్ బ్యాలెన్స్‌లోంచే పోవాలి. అందులో ఉన్నంత వరకే నష్టం. మామది పోస్ట్‌పెయిడ్ కాబట్టి ఆపేవాడు లేక నెలాఖరు దాకా తెలియలేదు.

నువ్వు చేయాల్సింది రెండే. ఈ వారం హాలియా పోయినప్పుడు షాపులో అడిగి, నాయిన నంబరు మీద, నీ నంబరు మీద అవుట్‌గోయింగ్ ఐఎస్‌డీ ఉందో లేదో చూసి, ఉంటే తీయించు. ఇక్కడి నుంచి కాల్స్ రావడానికి దానితో పనిలేదు, మీరు చేయడానికే అది కావాలి, మనం మాట్లాడేది అంతా వాట్సాప్‌లోనే. మామకు మిల్లు పని మీద ఐఎస్‌డీ అవసరం ఉంటుందేమో అడుగు, లేకపోతే ఆయనది కూడా తీయించు. రెండోది, నా నంబరు, మీ బావ నంబరు +1 తో సహా అందరి ఫోన్లలో పేరుతో సేవ్ చేయి. +1 లేకుండా పది అంకెలే సేవ్ చేస్తే కొన్ని ఫోన్లలో పేరు రాదు.

నొప్పులు మొదలైతే ముందు నీకే వాట్సాప్ కాల్ వస్తుంది. నువ్వు ఎత్తకపోతే మీ బావ నాయిన ఫోన్‌కు మామూలు కాల్ చేస్తాడు, పేరు పడుతుంది, ఎత్తేదాకా మోగిస్తాడు. ఎత్తకపోతే మళ్లీ చేస్తాడు. ఒక్క రింగుతో కట్ అయిన కాల్ మాది కాదు. పేరు లేని నంబరు వస్తే, అది ఏదైనా సరే, నొక్కకుండా నాకు వాట్సాప్‌లో ఆ నంబరు ఫోటో పంపు. నేను పనిలో ఉంటే అమ్మ చూస్తుంది, ఆమెకు ఇప్పుడు వాట్సాప్ బాగా వచ్చేసింది.

సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలినారా లేదా రాయి, నాయినను అడిగితే ఏదో చెప్పి దాటేస్తున్నాడు.

మీ అక్క