విషయం: గ్రౌండ్ దారి తప్పుగా వేసిన పది బోర్డుల గురించి

కస్టమర్ సేవల మేనేజర్ గారికి,

నాటుకోడి గుడ్లు పొదిగే పెట్టె కోసం మీ దగ్గర డిజైన్‌తో సహా పది సర్క్యూట్ బోర్డులు చేయించుకున్నాను. పదింటిదీ ఒకటే జబ్బు. పెట్టె 37 డిగ్రీల కంటే చల్లబడితే రిలే పడి బల్బు వెలగాలి, 38 దాటితే ఆరాలి. మీ బోర్డు మీద రిలే పడిన మరుక్షణం లేస్తుంది, మళ్ళీ పడుతుంది, టకటకమంటూనే ఉంటుంది. బ్రెడ్‌బోర్డు మీద ఇదే సర్క్యూట్, ఇదే ప్రోగ్రామ్ మూడు వారాలు ఏ గొడవా లేకుండా నడిచింది.

ఫోన్ చేస్తే "స్కీమాటిక్ ప్రకారమే వేశాం, చెకింగ్‌లో ఒక్క ఎర్రరూ లేదు" అన్నారు. నిజమే. కానీ స్కీమాటిక్‌లో గ్రౌండ్ అంటే ఒక గుర్తు మాత్రమే. బోర్డు మీద అది రాగి గీత, దానికీ రెసిస్టెన్స్ ఉంటుంది.

మీరు వేసిన గీత వెడల్పు పావు మిల్లీమీటరు. కంట్రోలర్ దగ్గర మొదలై పది సెంటీమీటర్లు నడిచి సెన్సర్‌ను తాకి, అక్కడి నుంచి రిలే ట్రాన్సిస్టర్‌కు వెళ్తుంది. మామూలు మందం రాగిలో అంత పొడవుకు సుమారు 0.2 ఓం. రిలే కాయిల్ 70 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది, అదంతా ఈ గీత మీదుగానే వెనక్కి రావాలి. అంటే 14 మిల్లీవోల్టులు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ ఎల్ఎం35 సెన్సర్‌లో డిగ్రీకి పది మిల్లీవోల్టులే కదా! రిలే పడగానే సెన్సర్ గ్రౌండ్ పైకి లేచి, 36.9 ఉన్నది 38.3గా కనిపిస్తుంది. కంట్రోలర్ వేడెక్కిందనుకుని రిలేను వదిలేస్తుంది. వదలగానే మళ్ళీ 36.9.

ఊహించి రాయడం లేదు. మల్టీమీటర్‌ను మిల్లీవోల్టుల రేంజ్‌లో పెట్టి, నల్ల ప్రోబ్ కంట్రోలర్ గ్రౌండ్ కాలి మీద, ఎర్రది సెన్సర్ గ్రౌండ్ కాలి మీద ఆనించాను. రిలే పడనప్పుడు దాదాపు సున్నా, పడినప్పుడు 14. ఒక బోర్డులో సెన్సర్ దాటాక గీతను బ్లేడుతో కోసి, ట్రాన్సిస్టర్ ఎమిటర్ నుంచి నేరుగా పవర్ సాకెట్ పక్కనున్న పెద్ద కెపాసిటర్ మైనస్‌కు లావు తీగ అతికించాను. టకటక ఆగిపోయింది.

బ్రెడ్‌బోర్డు మీద రిలే మాడ్యూల్‌కు తీగలు అడాప్టర్ నుంచి విడిగా వచ్చేవి, అందుకే అక్కడ ఇది బయటపడలేదు. ఆ ముక్క స్కీమాటిక్ పక్కన రాయకపోవడం నా పొరపాటే. అయితే లేఅవుట్‌కు మీరు విడిగా డబ్బు తీసుకున్నది అలాంటివి చూడ్డానికే కదండీ.

గీతను లావు చేసి సరిపెట్టకండి. 1.5 మిల్లీమీటర్లు చేస్తే తేడా ఆరో వంతుకు తగ్గుతుందే తప్ప పోదు. రిలే గ్రౌండ్ విడి దారిలో కెపాసిటర్‌కు చేరాలి, సెన్సర్ గ్రౌండ్ కంట్రోలర్ కాలికి చేరాలి. పనిలో పనిగా, కంట్రోలర్‌కు నాలుగు సెంటీమీటర్ల దూరంలో పెట్టిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను దాని పవర్, గ్రౌండ్ కాళ్ళ పక్కకే తెండి.

ఇలా దిద్దిన పది బోర్డులు మీ ఖర్చుతో పంపండి, లేదా లేఅవుట్ రుసుము, బోర్డుల ధర వాపసు చేయండి. తయారీకి ముందు లేఅవుట్ బొమ్మ నాకు చూపించండి. కోసి అతికించిన బోర్డు ఫొటోలు, మీటర్ రీడింగులు జతచేశాను.

ఇట్లు,
మీ కస్టమర్,
తెనాలి