సునీతకు, దేవరకొండ నుంచి

బిడ్డా సునీతా,

నీ ఫోన్ రాక పదకొండు రోజులైంది. నాకేం కోపం లేదు. మీ అమ్మే పొద్దుగూకే బస్సు వచ్చే వేళకు గుమ్మం దాకా పోయి చూసి వస్తున్నది. ఇక్కడ అంతా బాగే. బర్రె ఈనింది. బత్తాయికి తడి పెట్టాం.

మొన్న సంతలో సత్తెన్న కలిశాడు. టెట్ మోడల్ పరీక్షలో నీకు వ్యతిరేక పదాలే పోయాయని, అందుకే టెన్షన్‌తో ఎవరితోనూ మాట్లాడటం లేదని అన్నాడు. నిజమా అని నేను అడగను. పల్లిపట్టీలు ముట్టాయా?

ప్రశ్న కూడా వాడే చెప్పాడు. ‘ఆశ’కు దురాశ, నిరాశ, పేరాశ, అత్యాశ ఇచ్చారట, నువ్వు దురాశ పెట్టావట. ముందు ‘దుర్’ కనబడగానే వ్యతిరేకమే అనుకున్నావు. దురాశ ఉన్నవాడికి ఆశ ఉన్నట్టా, లేనట్టా? ఉన్నట్టే, కాకపోతే చెడ్డ ఆశ. పేరాశ, అత్యాశ కూడా అంతే, ఆశ పెరిగింది. ఆశ లేకుండా పోయింది నిరాశలోనే.

నువ్వు మూడో తరగతిలో ఉన్నప్పటి బోర్లు గుర్తున్నాయా? మొదటిది వట్టిపోయింది. రెండోదీ వట్టిపోయింది. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు, మీ తాత గట్టు మీద నా పక్కనే కూర్చున్నాడు. అప్పుడు నాకున్నది నిరాశ. మూడో బోరులో రెండించుల నీళ్లు పడ్డాయి, తోట బతికింది. అయినా నేను ఊరుకోలేదు, అమ్మ గొలుసు కుదువబెట్టి నాలుగోది వేయించాను. చుక్క రాలేదు, పైగా మూడోదానికి ఊట తగ్గింది. అది దురాశ. ఆ రెండూ ఒకటి కాదని నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

కానీ ‘లేకుండా పోయిందే వ్యతిరేకం’ అనే ఈ పద్ధతి అన్ని చోట్లా పనిచేయదు, జాగ్రత్త. ‘సుగుణం’ అడిగితే నిర్గుణం అనకు. నిర్గుణం అంటే ఏ గుణమూ లేనిది, దేవుడి గురించి చెప్పే మాట. అడిగిన పదంలోనే ‘సు’ ఉంది కాబట్టి దానికి ఎదురు ‘దుర్’ రావాలి, దుర్గుణం. అంటే ముందు అడిగిన పదం తల చూడాలి, తర్వాత ఆప్షన్లు. ‘వి’ని కూడా గుడ్డిగా నమ్మకు. సంయోగానికి వియోగం వ్యతిరేకమే, కానీ జయానికి విజయం వ్యతిరేకం కాదు, అపజయం.

మళ్లీ పాఠం మొదలుపెట్టాను, అలవాటు పోదు. తెలుగుకు 30 మార్కులు, తప్పుకు కోత లేదు. ఏదీ వదిలిపెట్టకు.

రాత్రి హాస్టల్ అన్నం చల్లారితే తినకు. ఈ ఆదివారం సత్తెన్న అటే వస్తున్నాడు, నెయ్యి, నీ పచ్చ శాలువా పంపుతున్నాను. సీసా మూత గట్టిగా ఉంటుంది, వేడినీళ్లలో పెట్టి తిప్పు. ముట్టగానే ఫోన్ చెయ్యి, మార్కుల మాట ఎత్తను.

మీ బాపు