మీ పార్ట్ బరువు మేమెందుకు తప్పు చెప్పామంటే

"మీ రిపోర్టులో ఆర్మ్ బరువు 728 గ్రాములు. కాటా మీద పెడితే 1,270 దాటింది. మోటార్ కూడా లోడ్ లాగలేకపోతోంది. ఏది నమ్మాలండీ?"

కాటానే నమ్మండి. తప్పు మా షాపుదే. మీలో చాలామందికి ఇలాంటి రిపోర్టులు పంపాం కాబట్టి ఏం జరిగిందో అందరికీ చెబుతున్నాను.

ఆ ఆర్మ్ 300×40×20 మి.మీ. అల్యూమినియం పట్టీ. దాని సాంద్రత ఘన సెం.మీ.కి 2.70 గ్రాములు పెట్టాం, బరువు 648 గ్రాములు వచ్చింది, అది సరైనదే. చివర బిగించే 40×40×50 స్టీల్ దవడ మాత్రం బయటి నుంచి STEP ఫైలుగా వచ్చింది. అందులో ఆకారమే ఉంది, మెటీరియల్ లేదు. మెటీరియల్ ఇవ్వని పార్టుకి SolidWorks నీటి సాంద్రత, అంటే 1.0 తీసుకుంటుంది. అలా 628 గ్రాముల దవడ 80 గ్రాములైపోయింది.

పార్ట్ మొత్తం ఒకే లోహమైతే సాంద్రత తప్పినా గరిమనాభి కదలదు, ఎందుకంటే అది ఆకారాన్ని బట్టే ఉంటుంది. ఇక్కడ రెండు లోహాలు. అందుకే పట్టీ రెండో చివర ఉన్న షాఫ్ట్ నుంచి 214 మి.మీ. దగ్గర ఉండాల్సిన గరిమనాభి 164 దగ్గర చూపించింది. స్క్రీన్ మీద గుర్తు పట్టీ మధ్యకి దగ్గరగా కనబడేసరికి మాకు అనుమానం రాలేదు.

మోటార్‌ని దెబ్బతీసింది మాత్రం జడత్వ భ్రామకం. అందులో దూరం వర్గంగా వస్తుంది, దవడేమో షాఫ్ట్‌కి 280 మి.మీ. దూరంలో ఉంది. బరువు 1.75 రెట్లే తప్పింది కానీ, 0.026 అని మేమిచ్చిన భ్రామకం నిజానికి 0.069 kg·m². అంటే 2.7 రెట్లు. మోటార్ ఎంపికకి మీరు వాడింది ఆ చిన్న అంకెనే.

ఇంకో మాట. Mass Properties లో భ్రామకాలు మూడు గుంపులుగా వస్తాయి. మొదటి రెండూ గరిమనాభి గుండా పోయే అక్షాలవి. షాఫ్ట్ చుట్టూ తిరిగే పార్టుకి కావాల్సింది మూడోది, అదీ షాఫ్ట్ మధ్యలో కోఆర్డినేట్ సిస్టమ్ పెట్టి, దాన్ని ఎంచుకున్నాకే. ఒక్క పట్టీకే చూసినా మొదటి లెక్క 0.0049, చివర ఉన్న షాఫ్ట్ చుట్టూ 0.0195. నాలుగు రెట్ల తేడా.

ఇకపై ప్రతి పార్టునీ విడిగా తెరిచి, సాంద్రత చూశాకే రిపోర్టు పంపుతాం. మీ దగ్గరున్న పాత రిపోర్టుల్లో గ్రాముల్లో ఉన్న బరువుని ఘన సెం.మీ.లలో ఉన్న ఘనపరిమాణంతో భాగించండి. స్టీల్ పార్టుకి 7.85 దగ్గర రాకుండా 1.0 వస్తే ఫోన్ చేయండి, ఉచితంగా సరిచేసి పంపుతాం. ఈ ఆర్మ్ కొన్నవారికి సరైన మోటార్ ఖర్చు మాదే.