కర్పూరం మార్చాను, మల్లె బత్తి ఆపేశాను

“అన్నయ్యా, ఈసారి మీ దగ్గర కొన్న కర్పూరం వెలిగిస్తే హారతి పళ్ళెంలో జిడ్డు మరక మిగులుతోంది. ఇది మంచిదేనా?”

కాదమ్మా. అమ్మింది నేను కాబట్టి తప్పూ నాదే.

మీరు అడిగిన రాత్రే నాలుగు కంపెనీల బిళ్ళలు ఒక్కొక్కటి తీసి, త్రాసు పక్కన తెల్ల కాగితం మీద పెట్టాను. కర్పూరం వెలిగించకపోయినా గాలిలో కలిసిపోవాలి. రెండు వారాలకు మూడు బిళ్ళలు జాడ లేకుండా పోయాయి. నాలుగోది సగం అలాగే ఉంది. వేళ్ళ మధ్య నలిపితే కొవ్వొత్తిలా జారింది. మైనం! పదకొండేళ్ళుగా నేను నమ్మి తెప్పించుకున్న సరుకు అది. ఫోను చేస్తే, “అందరూ కలుపుతారు, మీ ఒక్కరికే పట్టింపా?” అన్నాడు ఆ వ్యాపారి. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. మిగిలిన పెట్టెలన్నీ వెనక్కి పంపేశాను. ఇక ఆయన ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

పొగ నల్లగా ఉందని మాత్రం కల్తీ అనుకోకండి. శుద్ధమైన కర్పూరానికీ మసి వస్తుంది. అసలు అనుమానించవలసింది దాదాపు పొగ లేకుండా మండేదాన్ని. కర్పూరంలా కనిపించే హెక్సమిన్ అనే రసాయనపు బిళ్ళ అలాగే మండుతుంది. నీళ్ళ గ్లాసులో వేస్తే అది కరిగిపోతుంది, కర్పూరం కరగదు. ఇంకో మాట: బజారులో దొరికే కర్పూరం చాలావరకు పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారైనదే. నేను ఇప్పుడు తెచ్చిందీ అదే. దాన్ని కర్పూర చెట్టు నుంచి తీసిందని చెప్పి అమ్మను.

నాకు నిద్ర పట్టనివ్వనిది మల్లె బత్తి. దుకాణంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేది అదే. పెట్టె మీద “సుగంధ ద్రవ్యాలు” అని తప్ప ఇంకేమీ లేదు. నాలుగు పుల్లలు తెల్ల కాగితంలో చుట్టి ఉంచితే తెల్లారేసరికి కాగితమంతా నూనె మరకలు. బొగ్గుపొడి బత్తిని సెంటులో ముంచి ఆరబెట్టే పద్ధతి ఇది. సెంటు పలచబడడానికి డీఈపీ లాంటి ద్రావకం కలుపుతారు. వెలిగిస్తే అదంతా మన ముక్కుల్లోకే. నెల రోజులు ఊగిసలాడి, చివరికి ఆపేశాను.

దాని స్థానంలో మసాలా బత్తి తెచ్చాను. గంధపు పొడి, వట్టివేరు, సాంబ్రాణి, అంటుకోవడానికి నరమామిడి చెక్క పొడి అని పెట్టె మీదే రాసి ఉంది. కాగితానికి మరక అంటలేదు. వెలిగించక ముందు వాసన తక్కువే, ధర ఎక్కువే. దీనికీ పొగ ఉంటుంది కాబట్టి కిటికీ తెరిచి ఒక్కటే వెలిగించండి.

పాత కర్పూరం డబ్బా సగం వాడినా సరే, తీసుకురండి. పూర్తి డబ్బు ఇస్తాను.