పచ్చబడ్డ ఆలుగడ్డ, మసి పట్టిన ఉల్లిగడ్డ: ఎంత కోసి పారేయాలె

"అన్నా, మొన్న మీ దగ్గర తీస్కపోయిన కిలో ఆలుగడ్డల్ల మూడు పచ్చగైనయి, రెండిటికి మొలకలొచ్చినయి. ఉల్లిగడ్డ పొరలల్ల నల్లగ మసి లెక్క ఉంది, ఎల్లిపాయకు బూజు. ఏది కోసి వండుకోవాలె, ఏది పారేయాలె?"

ఆలుగడ్డ పచ్చబడటంలో సగం తప్పు మాదే. దుకాణం ముందు తట్టల్లో పోసిన గడ్డ మీద పగలంతా వెలుతురు, రాత్రి దుకాణం కట్టేసే దాకా లైటు పడేది. మూడు నాలుగు రోజులు అట్లా ఉంటే చాలు, పైకి తేలిన గడ్డలు పచ్చబడతాయి. ఇప్పుడు ఆ రోజు అమ్ముడుపోయేంతే ముందు పోస్తున్నాం, మిగతాది గోనె సంచిలోనే లోపల ఉంటుంది. రాత్రి తట్ట మీద తడి లేని గోనెపట్ట కప్పుతున్నాం.

ఆ పచ్చ రంగు ఆకుల్లో ఉండే పత్రహరితమే. దానివల్ల ఏ నష్టమూ లేదు. కానీ అదే వెలుతురుకు గడ్డలో సోలనిన్, చాకోనిన్ అనే చేదు పదార్థాలు కూడా పెరుగుతాయి. అసలు విషం అవి. వాటికి రంగు లేదు. అందుకే పచ్చదనాన్ని ఒక హెచ్చరికగా చూడాలి. పచ్చ లేకపోయినా దెబ్బ తగిలిన చోట, మొలక వచ్చిన కన్ను దగ్గర ఇవి పెరుగుతాయి. కిలో గడ్డలో రెండూ కలిపి 200 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మంచి గడ్డలో అంతకంటే చాలా తక్కువే ఉంటాయి, అవి కూడా ఎక్కువగా తొక్కలో, తొక్క కింద ఒకటి రెండు మిల్లీమీటర్ల కండలో. మొలకల్లో అన్నిటికంటే ఎక్కువ. కోసి పారేస్తే సరిపోతుందని ధైర్యంగా చెప్పగలిగేది ఇవి తొక్క దగ్గరే పోగుపడతాయి కాబట్టే.

ఉడకబెడితే పోతుంది కదా అని చాలామంది అడుగుతారు. పోదు. నీళ్ళు 100 డిగ్రీలకు మరుగుతాయి, వేపుడు నూనె 170, 180 దగ్గర ఉంటుంది. ఆ వేడికి సోలనిన్ విరగదు. ఉప్పు నీళ్ళలో నానబెట్టినా, చింతపండు పిసికినా పెద్దగా తేడా రాదు. కత్తితో తీసేసిందే పోయినట్టు.

మీరు ఫొటో పెట్టిన ఆ కిలోనే చూద్దాం. మొత్తం ఎనిమిది గడ్డలు. రెండింటి మీద ఏమీ లేదు, మామూలుగా వండుకోండి.

మొదటి పచ్చ గడ్డకు ఒక పక్కన రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. దాన్ని కడిగి, ముందు గడ్డ మొత్తానికీ తొక్క తీయండి. మచ్చ ఉన్నచోటే గీకి వదిలేయొద్దు. తొక్క తీశాక పగటి వెలుతురులో చూడండి, లైటు కింద లేత పచ్చ కంటికి దొరకదు. తొక్కతోపాటే పచ్చ పోయి కండ తెల్లగా ఉన్నా సరే, మచ్చ ఉన్నచోట ఇంకో మూడు నాలుగు మిల్లీమీటర్లు, అంటే చిప్స్ ముక్క రెండింతల మందం, చెక్కేయండి. పచ్చ ఇంకా కనిపిస్తే అది పోయేదాకా, పోయాక ఇంకో పొర. మిగిలింది కూరకు పనికొస్తుంది.

రెండోది సగానికి పైగా పచ్చబడింది. దాన్ని చెక్కుకుంటూ పోతే చేతిలో గోలీకాయ మిగులుతుంది. మూడో వంతు కంటే ఎక్కువ కోయాల్సి వస్తే గడ్డ మొత్తం పారేయాలని మా దుకాణం లెక్క. కాస్త గట్టి లెక్కే, కానీ ఆలుగడ్డ ధరకు ఇంట్లో వాంతులు తెచ్చుకోవడం దండగ.

మూడోది చూడటానికి మంచిదే, లేత పచ్చ నీడలాగా అంతటా పరుచుకుంది. మనుషులు మోసపోయేది ఇలాంటి గడ్డతోనే. గోరుతో తొక్క కొద్దిగా గీకి చూడండి. కింద కండ పసుపు తెలుపుగా ఉంటే తొక్క మందంగా తీసి వాడండి, కింద కూడా పచ్చే ఉంటే వద్దు. ఎర్ర తొక్క ఆలుగడ్డకు ఈ గోరు పరీక్ష తప్పనిసరి, ఎరుపు కింద పచ్చ దాక్కుంటుంది.

ఇక మొలకలొచ్చినవి రెండు. ఒకదానికి కందిగింజంత మొలకలు, గడ్డ గట్టిగా ఉంది. మొలకను చేత్తో తుంచేస్తే లాభం లేదు, కన్ను లోపలే ఉంటుంది. కత్తి మొనను కన్ను చుట్టూ అర సెంటీమీటరు దూరంలో ఏటవాలుగా దించి, గుండ్రంగా తిప్పి, శంకువులాగా కన్నుతో సహా ఎత్తేయాలి. అన్ని కన్నులకూ అంతే, తర్వాత తొక్క తీయడం. రెండోదానికి వేలెడు మొలకలు, గడ్డ ముడతలు పడి నొక్కితే లోపలికి పోతోంది. మొలక దానిలోని నీళ్ళు, పిండి లాగేసుకుంది. ఇది పారేయాల్సిందే. పెరట్లో జాగా ఉంటే అక్టోబర్, నవంబర్ దాకా ఇలాంటివి నీడలో దాచి విత్తనంగా నాటుకోవచ్చు, విత్తనానికి పచ్చబడినా నష్టం లేదు. బర్రెకో మేకకో మాత్రం వేయొద్దు. పచ్చ తొక్కలు, మొలకలు పశువుకూ విషమే.

ఎనిమిదో గడ్డకు పచ్చ లేదు, మొలక లేదు, ఒక పక్క నల్లగా దెబ్బ ఉంది. ఆ దెబ్బ చుట్టూ కూడా అర సెంటీమీటరు తీసేయండి. కోయగానే నీరు కారి కుళ్లు వాసన వస్తే అది దెబ్బ కాదు, కుళ్లు. అట్లాంటి గడ్డలో మంచి ముక్క కోసం వెతకొద్దు.

ఇంత చేశాక కూడా ముక్క నోట్లో పెట్టుకుంటే చేదు తగిలినా, నాలుక మీద గొంతులో మంట అనిపించినా, ఉమ్మేసి ఆ కూర పారబోయండి. కారం మంట వేరు, అది కాసేపటికి తగ్గుతుంది. ఇది గరగరలాడుతూ నిలిచిపోతుంది. ఇలాంటి గడ్డ తిన్నాక కొన్ని గంటల్లో కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు, తలనొప్పి మొదలైతే డాక్టరుకు తిన్నదేంటో కూడా చెప్పండి, మామూలు ఫుడ్ పాయిజన్ అనుకుని ఆగొద్దు. చిన్న పిల్లలకు, గర్భిణులకు వండేటప్పుడు ఈ చెక్కుడు లెక్కలేం వద్దు, మచ్చలేని గడ్డే తీసుకోండి.

వానకాలంలోనే మొలకలు ఎందుకు ఎక్కువంటే, ఇప్పుడు మనకు వచ్చేది ఎక్కువగా ఆగ్రా వైపు కోల్డ్ స్టోరేజీ సరుకు. ఫిబ్రవరి, మార్చిలో తవ్విన గడ్డ నెలల తరబడి చలిలో ఉండి, బయటకు తీయగానే నిద్ర లేచినట్టు మొలక వేస్తుంది. చల్లటి సంచి మన ఉక్కపోతలోకి రాగానే గడ్డలకు చెమట కూడా పడుతుంది. అందుకే లారీ దిగిన రోజే సంచి మూతి విప్పి గాలికి పెడుతున్నాం. మీరు కూడా మా ప్లాస్టిక్ కవర్లోనే వదిలేయొద్దు, తట్టలో పోసి చీకటి మూల పెట్టుకోండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఆ చలికి గడ్డలోని పిండి చక్కెరగా మారి, వేపుడు చేస్తే ముక్క తియ్యగా, నల్లగా మాడినట్టు అవుతుంది. వారానికి సరిపడా కొనండి. పది కిలోల సంచి చవక అనిపిస్తుంది గానీ ఈ కాలంలో చివరి రెండు కిలోలు పారేయడానికే కొన్నట్టు.

ఉల్లిగడ్డ సంగతి వేరు. అది ఒకే కండ కాదు, పొర మీద పొర. మసి లాంటి ఆ నల్లది ఆస్పర్జిల్లస్ నైగర్ అనే బూజు. వేడి, తేమ కలిసిన రోజుల్లో మెడ దగ్గర మొదలై ఎండు పొట్టు కింద గీతల్లాగా దిగుతుంది. ముందు పొట్టుతోనే కారే నీళ్ళ కింద కడగండి, లేకపోతే కత్తి ఆ మసిని లోపలికి మోసుకుపోతుంది. పొడిగా దులపడం మంచిది కాదు, ఆయాసం, అలర్జీ ఉన్నవాళ్ళకు ఆ దుమ్ము పడదు. అలాంటివాళ్ళు ఈ ఉల్లిగడ్డలు అసలు వాడొద్దు. కడిగాక తల, వేరు కోసి, మసి ఉన్న పొరలు తీసి, దాని కింది మంచి పొర కూడా ఒకటి తీసేయండి. తర్వాత తల నుంచి వేరు దాకా నిలువుగా రెండు ముక్కలు చేసి మెడ చూడండి. మెత్తబడకుండా, మసి లేకుండా ఉంటే వండుకోండి. మధ్యలో ఒక పొర గోధుమరంగులో నీరు పట్టి జారుతుంటే, పుల్లటి వాసన వస్తుంటే, బయటి పొరలు ఎంత బాగున్నా మొత్తం పారేయండి. వేరు దగ్గర తెల్లటి దూది లాంటి బూజు ఉండి అడుగు మెత్తబడినా అంతే. బిర్యానీలోకి, మిర్చీ బజ్జీలోకి పచ్చిగా నంజుకునే ముక్కలకు మాత్రం మసి తగలని గడ్డే వాడండి. ఉల్లిగడ్డకు ఆకుపచ్చ మొలక వస్తే భయం లేదు, అది ఉల్లికాడే.

మసి పట్టిన ఉల్లిగడ్డలు మేం విడిగా ఏరి తక్కువ ధరకు అమ్ముతున్న మాట నిజమే. ఇక నుంచి ఆ కుప్ప మీద బోర్డు ఉంటుంది, అందులో మెడ మెత్తబడ్డవి ఉండవు. అడిగి తీసుకోండి.

ఎల్లిపాయకు కోత లేదు. బూజు పట్టిన రెబ్బ మొత్తం పారేయడమే, అంత చిన్న రెబ్బలో మంచి సగం వెతకొద్దు. పక్క రెబ్బల పొట్టు తీసి చూడండి, తెల్లగా గట్టిగా ఉంటే వాడుకోవచ్చు. మధ్యలో పచ్చ మొలక ఉంటే కొద్దిగా చేదు, ఇష్టం లేకపోతే తీసేయండి. ఇంకొకటి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద నీలిపచ్చగా మారితే బూజు అని పారబోసేవాళ్ళున్నారు. నిమ్మరసం లాంటి పులుపు తగిలితే ఎల్లిగడ్డ దానంతట అదే ఆ రంగుకు వస్తుంది, ముద్ద అంతా ఒకే రంగులో ఉంటుంది. బూజు అయితే పైన నూగులాగా, మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. నూగు ఉంటేనే పారేయండి.

ఆ కిలోలో పారేయాల్సినవి రెండు మూడు గడ్డలు, మెత్తబడ్డ ఉల్లిగడ్డలు తీసుకొచ్చి మార్చుకోండి. కొన్న మూడు రోజుల్లోపు ఎవరిదైనా మారుస్తాం. కోసి చూసినవైనా తీసుకుంటాం, ఫొటో చూపించినా చాలు.