విషయం: మొలకెత్తిన ఉల్లికి డబ్బు వాపసు, కుళ్లిన వెల్లుల్లికి ‘ఫొటోలో బాగానే ఉంది’ అన్న జవాబు

కస్టమర్ కేర్ విభాగం పైఅధికారి గారికి,

అయ్యా,

మీ యాప్‌లో కొన్న రెండు కిలోల ఉల్లిపాయలు, పావుకిలో వెల్లుల్లి, పావుకిలో అల్లం. గొడవంతా ఈ కాస్త సరుకు గురించే. డబ్బు పెద్దదేం కాదు. చెప్పింది చదవకుండానే టికెట్ మూసేసే మీ పద్ధతి గురించే ఈ ఉత్తరం.

చాట్‌లోకి వచ్చిన మొదటి ఏజెంట్ ఫొటో అడిగారు. పంపాక ఆయన మాయమై ఇంకొకరు వచ్చి, ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఫొటో పంపండి’ అన్నారు. పైకి జరిపితే అదే చాట్‌లో కనిపించే ఫొటో అది. చివరికి మీ క్వాలిటీ టీమ్ తీర్పు వచ్చింది: ఉల్లికి మొలకలొచ్చాయి, విషం, పారేయండి, డబ్బు వాపసు. అల్లం ముడతలు పడింది, వాపసు. వెల్లుల్లి మాత్రం బాగుంది, వాడుకోవచ్చు. మూడింటికి మూడూ తలకిందులు చేయడం కూడా సామాన్యమైన విద్య కాదు.

మొలకెత్తితే భయపడాల్సింది బంగాళాదుంపకి. దాని మొలకల్లో, పచ్చబడిన తొక్కలో సొలనిన్ అనే విషం చేరుతుంది. ఉల్లి మొలకలో ఆ బాధ లేదు, ఉల్లికాడలాగే తరిగి కూరలో వేసుకోవచ్చు. మొలక పెరిగేకొద్దీ గడ్డలోని తీపి, నీరు దానికే పోయి పొరలు మెత్తబడతాయి, అంతే. చూడాల్సింది మెడ దగ్గర. బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉండాలి. లోపలికి దిగబడినా, నీరు కారినా, పుల్లటి కంపు కొట్టినా నిలువుగా కోయాలి. మధ్యలో ఒక పొర గోధుమరంగులో, నీళ్లు పట్టినట్టు కనిపిస్తే అది కుళ్లు, ఆ గడ్డ చెత్తబుట్టకే. పైతొక్క మీది మసిలాంటి నల్లపొడి వేరే సంగతి. అది బూజు. తొక్కతో పాటు కింది పొర ఒకటి తీసి కడిగాక లోపల శుభ్రంగా ఉంటే వాడుకోవచ్చు, లోపలి పొరల్లోకి దిగితే వద్దు. మీరు పంపిన ఉల్లి ఒక్కటీ మెత్తబడలేదు. ఆ మాట చాట్‌లో రాసే ఉంది.

అల్లం ముడత పడటమంటే నీరు ఆరిపోవడం. విరిస్తే లోపల పసుపుగా, ఘాటుగా ఉంటే టీలోకి, పేస్టులోకి నిక్షేపంలా పనికొస్తుంది, పీచు కాస్త ఎక్కువ తగులుతుంది. పూర్తిగా ఎండితే శొంఠేగా! నొక్కితే జావలా దిగబడినా, విరిచిన కొస మీద బూజు పట్టినా అప్పుడు పారేయాలి.

ఇక వెల్లుల్లి. పాయల పైపొర తెల్లగా, కాగితంలా చక్కగానే ఉంది. మీ టీమ్ చూసింది దాన్నే. రెండు పాయల్లో వేరు వైపు నొక్కితే వేలు దిగింది. ఒలిస్తే కొన్ని రెబ్బలు తేనెరంగులో, మైనంలా, బంకగా ఉన్నాయి. వేడికి, గాలాడని నిల్వకి వెల్లుల్లి ఇలాగే చెడుతుంది. ఇంకొన్నిటి మీద నీలంగా, పచ్చగా బూజు. రెబ్బ గట్టిగా ఉండి పైన చిన్న గోధుమ మచ్చ ఉంటే ఆ మేరకు కోసేసి అదే రోజు వాడుకోవచ్చు. మచ్చ గుంటపడి మెత్తగా ఉన్నా, బూజు పట్టినా రెబ్బంతా పారేయాలి. పక్కన గట్టిగా ఉన్న రెబ్బలు ఒలిచి చూసి వాడుకోవచ్చు గానీ నిల్వ పచ్చడిలోకి మాత్రం వద్దు.

ఒలిచిన రెబ్బల ఫొటో కూడా మీకు అందింది. దానికి మీ సీనియర్ ఏజెంట్ జవాబు: ‘తొక్క తీసిన సరుకుకు రిటర్న్ వర్తించదు.’ అంటే తొక్క ఉంటే కుళ్లు కనిపించదు, తొక్క తీస్తే ఫిర్యాదు చెల్లదు. ఈ నిబంధన రాసినవారికి దండం పెట్టాలి. ఆ వెంటనే ‘మీ సమస్య పరిష్కరించబడింది, రేటింగ్ ఇవ్వండి’ అని మెసేజ్!

మీ యాప్ మొదలైనప్పటి నుంచి ఇంటి సరుకంతా మీ దగ్గరే కొంటున్నందుకు దక్కిన మర్యాద ఇది. ఉల్లి, అల్లం డబ్బు మీరే వెనక్కి తీసుకోండి, అవి వంటలోకి వెళ్లాయి. వెల్లుల్లి డబ్బు ఇవ్వండి. ఫొటో అడిగే ముందు ‘నొక్కితే మెత్తగా ఉందా, వాసన వస్తోందా, కోస్తే లోపల ఏ రంగు’ అని మూడు ప్రశ్నలు అడగడం మీ ఏజెంట్లకు నేర్పండి. కోసిన ముక్క ఫొటోనే సాక్ష్యంగా తీసుకోండి.

దీనికీ ఆ పాత మెసేజే జవాబుగా వస్తే, చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లతో ఈ ఫిర్యాదు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తుంది. అక్కడ కూడా తొక్క తీసిన సరుకు చెల్లదని వాదించుకోండి.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు